పరిశోధన సహాయకురాలి ఉద్యోగానికి దరఖాస్తు

గౌరవనీయులైన డైరెక్టర్ గారికి,

నమస్కారములు.

ఇంటి దగ్గరే ఉండి ముక్క లెక్కన కూలికి పనిచేసే మహిళల పనిగంటలు, ఆదాయాల మీద మీ సంస్థ చేపట్టబోతున్న రెండేళ్ల అధ్యయనానికి పరిశోధన సహాయకులు కావాలన్న ప్రకటన చూసి ఈ దరఖాస్తు పంపుతున్నాను. నేను ఈ ఏడాది సమాజశాస్త్రంలో ఎం.ఏ. ప్రథమ శ్రేణిలో పూర్తి చేశాను. చివరి సంవత్సరం డిసర్టేషన్ కోసం ఇంట్లోనే దుస్తులకు గుండీలు, కాజాలు కుట్టే 62 మంది మహిళలను ప్రశ్నావళితో కలిశాను. వారిలో 14 మందితో విడిగా సుదీర్ఘమైన ఇంటర్వ్యూలు చేశాను. మీ అంశమూ నా అంశమూ ఒకటే కావడం ఈ దరఖాస్తుకు మొదటి కారణం. ప్రశ్నావళిని తయారుచేసే దశ నుంచే సహాయకులు పాల్గొనాలని మీరు ప్రకటనలో రాయడం రెండో కారణం. ఆ దశలో జరిగే పొరపాటు ఎంత దూరం వెళుతుందో నాకు అనుభవపూర్వకంగా తెలిసింది.

ఫీల్డ్‌వర్క్‌లో మొదటి వారం జరిగిన సంగతి ఇది. ప్రశ్నావళిలో నాలుగో ప్రశ్న "మీరు ప్రస్తుతం ఏదైనా పని చేస్తున్నారా?" అని ఉండేది. ఒక ఇంట్లో నేను ఆ ప్రశ్న అడిగినప్పుడు ఆమె ఒళ్లో చొక్కా ఉంది, పక్కన సగం ఖాళీ అయిన గుండీల డబ్బా ఉంది. నోటితో దారం తెంపి, సూది చొక్కా అంచుకు గుచ్చి, "ఏం పని లేదండీ, ఇంట్లోనే ఉంటాను" అని చెప్పింది. నేను "లేదు" అన్న గడిలో టిక్కు పెట్టాను. ఆ జవాబు ప్రకారం తర్వాతి పదకొండు ప్రశ్నలు, అంటే కూలి రేటు, గంటలు, దారం ఖర్చు, డబ్బు ఎప్పుడు అందుతుందన్నవన్నీ దాటేసి నేరుగా కుటుంబ వివరాలకు వెళ్లిపోవాలి. అలాగే వెళ్లాను. ఇంటర్వ్యూ ముగిసేలోపు ఆమె మరో మూడు చొక్కాలు పూర్తి చేసింది. ఆ సాయంత్రం కాగితాలు సర్దుతున్నప్పుడు గానీ, నా కళ్లెదుట జరిగిన పనిని నా చేత్తోనే కొట్టివేశానన్న సంగతి తట్టలేదు.

ఆమె అబద్ధం చెప్పలేదు. మన మాటల్లో "పని చేయడం" అంటే చాలా సందర్భాల్లో ఉద్యోగానికో కూలికో ఇల్లు దాటి వెళ్లడం. ఇంట్లో కుట్టేది ఆమె దృష్టిలో తీరిక వేళ కాలక్షేపం, మహా అయితే ఇంటి ఖర్చుకు చిన్న ఆసరా. అంతర్జాతీయ కార్మిక గణాంకవేత్తల 19వ సమావేశం 2013లో ఆమోదించిన తీర్మానం ప్రకారం, ఇతరుల కోసం గానీ తన కోసం గానీ వస్తువులు తయారుచేసినా, సేవలు అందించినా అది పని కిందికే వస్తుంది. అందులో డబ్బు కోసమో లాభం కోసమో చేసేది ఉపాధి అవుతుంది. సర్వే లెక్కలోకి తీసుకున్న వారంలో ఒక్క గంట అలా చేసినా సరే. నిర్వచనం అంత విశాలంగా ఉన్నా, ప్రశ్నలో వాడిన మాట దాన్ని అవతలి మనిషి దాకా చేర్చకపోతే లాభం లేదు. మా గైడ్ గారి అనుమతితో ప్రశ్నను మార్చాను. "గత ఏడు రోజుల్లో ఎవరైనా ఇచ్చిన సరుకు తీసుకుని ఇంట్లో కుట్టడం, అంటించడం, మడతపెట్టడం వంటివి ఏమైనా చేశారా? ఒక్క గంటైనా సరే" అని అడగడం మొదలుపెట్టాను. అప్పటికి పూర్తయిన 9 ఇళ్లకు మళ్లీ వెళ్లాను. అంతకుముందు "లేదు" అన్న ఆరుగురిలో ఐదుగురు ఈసారి "అవును" అన్నారు. ఆ 9 పత్రాల పాత జవాబులను చెరిపివేయకుండా విడిగా భద్రపరిచి, డిసర్టేషన్‌లో ఒక అనుబంధంగా చేర్చాను. పరీక్షకులు ఎక్కువసేపు ప్రశ్నించింది ఆ అనుబంధం గురించే.

ఇంకొక తప్పు కూడా చెప్పుకోవాలి. దరఖాస్తుల్లో ఇలాంటివి రాయరని తెలుసు గానీ, డేటా చేతికి అప్పగించే మనిషి ఎలాంటి తప్పులు చేస్తుందో, చేశాక ఏం చేస్తుందో మీకు తెలియడం అవసరమనుకుంటున్నాను. జవాబు రాని చోట 99 అని కోడ్ ఇవ్వాలని కోడ్‌బుక్‌లో నేనే రాసుకున్నాను. వయసుకూ పిల్లల సంఖ్యకూ అది ఇబ్బంది పెట్టలేదు, ఎందుకంటే అక్కడ 99 కనిపిస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. వారానికి పనిగంటల గడిలో మాత్రం 99 అసాధ్యమైన అంకె కాదు. ఎస్‌పీఎస్‌ఎస్‌లో ఆ ఒక్క చలరాశికి దాన్ని లోపించిన విలువగా ప్రకటించడం మరిచిపోయాను. ఏడుగురి 99లు సగటులో కలిసిపోయి, వారపు పనిగంటలు ఆరేడు గంటలు ఎక్కువగా తేలాయి. ఆ సగటు నా వాదనకు అనుకూలంగా ఉండటంతో రెండు వారాలు దాని జోలికి వెళ్లలేదు; నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఆ భాగమే. చివరికి పౌనఃపున్య పట్టిక తీసి చూస్తే 70 దాటిన తర్వాత ఒక్క విలువా లేకుండా సరిగ్గా 99 దగ్గర ఏడుగురు కనిపించారు. పట్టికలన్నీ తిరిగి లెక్కించి, గైడ్ గారికి అదే రోజు తెలియజేశాను. ఇప్పుడు సగటు చూడకముందే ప్రతి చలరాశి పౌనఃపున్యాలనూ చూస్తాను. లోపించిన విలువలకు, అసలు విలువ కాలేని రుణ సంఖ్యలనే వాడుతున్నాను.

గుణాత్మక భాగం గురించి క్లుప్తంగా. పద్నాలుగు ఇంటర్వ్యూలనూ నేనే విని, తడబాట్లు, మౌనాలతో సహా అక్షరరూపంలో పెట్టాను. ఒక గంట రికార్డింగు రాయడానికి నాకు ఐదారు గంటలు పడుతుంది. మీ కాలపట్టికకు ఈ అంచనా ఉపయోగపడవచ్చు. కోడింగులో నా పక్షపాతం ఎంతో చూడడానికి రెండు ఇంటర్వ్యూలను ఒక సహాధ్యాయినితో విడిగా కోడ్ చేయించాను. మా ఇద్దరి ఏకీభావం 88 శాతం వచ్చింది, సంతోషించాం. కోహెన్ కప్పా లెక్కిస్తే 0.52 తేలింది. ఎక్కువ వాక్యాలు ఒకే కోడ్ కింద పడటం వల్ల కేవలం యాదృచ్ఛికంగానే చాలా ఏకీభావం వస్తుందన్నది అప్పుడు అర్థమైంది. విభేదాలన్నీ దాదాపు ఒకే చోట ఉన్నాయి: పిల్లలు గుండీలు ఏరి ఇవ్వడాన్ని నేను "పని" అన్నాను, ఆమె "సహాయం" అంది. ఆ రెండు కోడ్‌ల నిర్వచనాలనూ ఉదాహరణలతో తిరగరాసి మళ్లీ మొదలుపెట్టాం.

మీ అధ్యయనానికి సంబంధించి ఒక ఆలోచన ఇక్కడే చెప్పే సాహసం చేస్తున్నాను. ముక్క లెక్కన కూలిని గంటకు ఎంతని లెక్కించాలంటే వచ్చిన డబ్బును గంటలతో భాగిస్తే చాలదు. దారం, సూదులు, లైటు ఖర్చు, సరుకు తెచ్చి అప్పగించే ప్రయాణం తీసివేయాలి. నాణ్యత బాగాలేదని వెనక్కి వచ్చిన వాటిని విప్పి కుట్టిన సమయం కలపాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ చొక్కాల మీద ఎన్ని చేతులు పనిచేశాయో అడగాలి. ఒక్కరి పేరు మీద నమోదైన సంపాదన వెనుక ముగ్గురి గంటలు ఉండవచ్చు. నా ప్రశ్నావళిలో ఈ చివరి ప్రశ్న లేదు. అందువల్ల నా డిసర్టేషన్‌లోని గంటకూలి అంకెలు వాస్తవం కంటే ఎక్కువగా ఉన్నాయనే అనుకుంటున్నాను. అలాగే వంట చేస్తూ, పసిపిల్లను ఆడిస్తూ కుట్టే వారిని "రోజుకు ఎన్ని గంటలు?" అని అడిగితే వచ్చే జవాబు మీద నాకు నమ్మకం తక్కువ. నిన్న లేచింది మొదలు ఏమేం చేశారో వరసగా చెప్పించి, ఒకే సమయంలో చేసిన రెండో పనిని కూడా నమోదు చేసే డైరీ పద్ధతి నయమనిపిస్తుంది. అయితే దానికి ఒక్కొక్కరి దగ్గర ఎక్కువ సమయం పడుతుంది, నమూనా పరిమాణం తగ్గించుకోవాల్సి రావచ్చు. ఆ నిర్ణయం మీ బృందానిది.

సమాచార భద్రత విషయంలో నాది కొంత చాదస్తం. ప్రసిద్ధ సమాజశాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ ఏళ్ల తరబడి క్రమబద్ధం చేసుకున్న నోట్సు మూడు ప్రతులూ 1970లో స్టాన్‌ఫర్డ్‌లో ఒకే అగ్నిప్రమాదంలో కాలిపోయాయని మొదటి సంవత్సరం తరగతిలో విన్నప్పటి నుంచి రెండు ప్రతులను ఒకే గదిలో ఉంచలేదు. పేర్లు, చిరునామాలు ఉన్న జాబితాను జవాబుల ఫైలు నుంచి వేరుచేసి, పాస్‌వర్డ్‌తో విడిగా దాస్తాను. సమ్మతి పత్రాన్ని చదివి వినిపించి, ఏ ప్రశ్నకైనా జవాబు చెప్పనవసరం లేదని, మధ్యలో ఆపేయవచ్చని చెప్పాకే మొదలుపెడతాను. నా అధ్యయనంలో ఇద్దరు ఇంటర్వ్యూ తర్వాత తమ మాటలు వాడవద్దన్నారు. వారి రికార్డింగులను చెరిపివేశాను. పైన చెప్పిన 14 మందిలో వారు లేరు.

నాకు రానివి కూడా ఉన్నాయి. సాధారణ రిగ్రెషన్ వరకు సొంతంగా చేయగలను. బహుళస్థాయి నమూనాలు తరగతిలో చదివానే తప్ప నిజమైన డేటా మీద ప్రయోగించలేదు. ఆర్ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం ఆరు నెలల కిందట మొదలుపెట్టాను. డేటా శుభ్రపరచడం, పట్టికలు, చిత్రపటాలు దానిలోనే చేస్తున్నాను. ట్యాబ్‌లెట్ మీద కోబో టూల్‌బాక్స్‌తో సర్వే ఫారాలు రూపొందించి, దాటవేత నిబంధనలు పెట్టిన అనుభవం ఉంది. పెద్ద బృందంలో ఫీల్డ్ పర్యవేక్షణ ఎప్పుడూ చేయలేదు. తెలుగులో ఇంటర్వ్యూ చేసి ఇంగ్లిషులో నివేదిక రాయడం అలవాటే. "చేదోడు" వంటి మాట వచ్చినప్పుడు మాత్రం అనువాదం పక్కన మూలపదాన్ని ఉంచకుండా ముందుకు వెళ్లను.

ఈ లేఖతో పాటు విద్యార్హతల వివరాలు, డిసర్టేషన్ సారాంశం, ప్రశ్నావళి పాత, కొత్త రూపాలు రెండూ, పేర్లు తొలగించిన ఒక ఇంటర్వ్యూ ప్రతి జతచేశాను. మా గైడ్ గారు, ఫీల్డ్‌వర్క్ తరగతి బోధించిన మరొక అధ్యాపకులు నా గురించి మీతో మాట్లాడటానికి అంగీకరించారు. వారి ఫోన్ నంబర్లు విద్యార్హతల పత్రం చివర ఉన్నాయి. వచ్చే నెల మొదటి తేదీ నుంచి చేరగలను. ఫీల్డ్ పని కోసం వారాల తరబడి బయట ఉండటానికి అభ్యంతరం లేదు. ఇంటర్వ్యూకు పిలిచేటట్లయితే మధ్యాహ్నం రెండు తర్వాత ఏ రోజైనా నాకు వీలవుతుంది. ఉదయం పూట ఈ నెలాఖరు వరకు ఒక డేటా ఎంట్రీ పనికి ఒప్పుకుని ఉన్నాను.

నా దరఖాస్తును పరిశీలించవలసిందిగా కోరుతూ,

భవదీయురాలు,
శ్రావణి
ఎం.ఏ. (సమాజశాస్త్రం)