మోకాళ్ల అరుగుదలకు 12 వారాల వ్యాయామం: మానేసినవారిని కలుపుకొని ఒక లెక్క, పక్కన పెట్టి ఒక లెక్క

ఈ ట్రయల్‌లో ఒకే ప్రశ్నకు రెండు అంకెలు వచ్చాయి. లాటరీలో ఏ గ్రూపు పడితే ఆ గ్రూపులోనే అందరినీ లెక్కించినప్పుడు, నొప్పి తగ్గినవారి శాతంలో రెండు గ్రూపుల మధ్య తేడా 11.7 పాయింట్లు. చెప్పినట్టు చేసినవారిని మాత్రమే తీసుకుంటే అది 23.5 పాయింట్లు, అంటే దాదాపు రెట్టింపు. మా ప్రధాన ఫలితం మొదటిది. ట్రయల్ మొదలుకాకముందే ప్రోటోకాల్‌లో అలా రాసుకున్నాం, అంకెలు చూశాక మార్చలేదు. రెండో అంకెను దాచకుండా పక్కనే ఇస్తున్నాం. రెండింటి మధ్య ఇంత దూరం ఎందుకు వచ్చిందో ఈ భాగంలో వివరిస్తాం.

ఎవరిని చేర్చుకున్నాం, ఏం కొలిచాం

మోకాళ్ల అరుగుదలతో బాధపడుతూ, 0 నుంచి 10 వరకు ఉన్న స్కేలు మీద నొప్పిని 4 లేదా అంతకన్నా ఎక్కువగా చెప్పిన 240 మందిని ర్యాండమైజేషన్ ద్వారా చెరి 120 మందిగా విడదీశాం. వ్యాయామ గ్రూపుకు ఫిజియోథెరపిస్టు దగ్గరుండి చేయించే సెషన్లు వారానికి 3 చొప్పున 12 వారాల్లో 36. సలహా గ్రూపుకు ఒక చిన్న పుస్తకం, రెండు ఫోన్ కాల్స్. 12వ వారంలో నొప్పి కనీసం 2 పాయింట్లు తగ్గితే ‘మెరుగైనట్టు’ లెక్క. నొప్పిని నమోదు చేసినవారికి ఎదుటి మనిషి ఏ గ్రూపో తెలియదు. 18 పాయింట్ల తేడా నిజంగా ఉంటే దాన్ని పట్టుకునే అవకాశం 80 శాతం ఉండేలా ఈ సంఖ్యను నిర్ణయించాం.

ఎవరు ఎక్కడ ఆగిపోయారు

వ్యాయామ గ్రూపులోని 120 మందిలో 5 మంది ఒక్క సెషన్‌కీ రాలేదు. 19 మంది మధ్యలో మానేశారు: నొప్పి పెరిగిందని 9 మంది, సమయం కుదరక 5 మంది, ఊరు మారి ఇద్దరు, కారణం చెప్పకుండా ముగ్గురు. ఇంకో 10 మంది చివరిదాకా ఉన్నారు కానీ 24 సెషన్లకన్నా తక్కువే హాజరయ్యారు. ఇద్దరు మధ్యలో మోకాలికి ఇంజెక్షన్ తీసుకున్నారు. వీళ్లు పోగా మిగిలింది 84 మంది.

సలహా గ్రూపులో 9 మంది 12వ వారానికి అందుబాటులో లేరు. 8 మంది తమంతట తాము బయట ఫిజియోథెరపీలో చేరారు. ముగ్గురు ఇంజెక్షన్ తీసుకున్నారు. మిగిలింది 100 మంది.

మానేయడం, కొలతకు రాకపోవడం ఒకటి కాదు. చాలా నివేదికల్లో ఈ రెండింటినీ ‘డ్రాపౌట్లు’ అని కలిపేస్తారు, అక్కడే గందరగోళం మొదలవుతుంది. వ్యాయామం మానేసినా, అసలు మొదలుపెట్టకపోయినా, ప్రతి ఒక్కరికీ ఫోన్ చేసి 12వ వారం కొలతకు మాత్రం రమ్మని అడిగాం. ఒక్క సెషన్‌కీ రాని 5 మందిలో ఇద్దరు, మధ్యలో మానేసిన 19 మందిలో 9 మంది వచ్చారు. అందువల్ల 12వ వారం నొప్పి తెలియనివారు వ్యాయామ గ్రూపులో 13 మంది, సలహా గ్రూపులో 9 మంది, మొత్తం 22 మందే. ఆ ఫోన్ కాల్స్ చేయకుండా ఉంటే ఈ విశ్లేషణ చాలా బలహీనంగా ఉండేది.

రెండు విశ్లేషణలను ఎలా నిర్వచించాం

ఇంటెన్షన్-టు-ట్రీట్ విశ్లేషణలో 240 మందీ ఉన్నారు, ఎవరికి ఏ గ్రూపు పడిందో ఆ గ్రూపులోనే. ఎన్ని సెషన్లకు వచ్చారు, బయట ఏం చేశారు అన్నది చూడలేదు. కొలత లేని 22 మందినీ ‘మెరుగుపడనివారు’గా లెక్కించాం. ఇది ఒక ఊహ. సరైనదని రుజువు చేయలేం కాబట్టి దాన్ని మార్చి చూస్తే ఏమవుతుందో కింద ఇచ్చాం.

పర్-ప్రోటోకాల్ విశ్లేషణలో మూడు షరతులు: 12వ వారం కొలత ఉండాలి, ఇంజెక్షన్ తీసుకోకూడదు, తనకు పడిన గ్రూపుకు తగ్గట్టే నడుచుకోవాలి. వ్యాయామ గ్రూపుకు ఆ చివరి షరతు అంటే 36లో కనీసం 24 సెషన్లు. సలహా గ్రూపుకు బయట ఫిజియోథెరపీలో చేరకపోవడం. 24 అన్న హద్దును కూడా ముందే రాసుకున్నాం. ఎవరు లోపల, ఎవరు బయట అన్నది ఇద్దరు సభ్యులు నొప్పి అంకెలు చూడకుండా, హాజరు పట్టికలు మాత్రమే ముందు పెట్టుకుని నిర్ణయించారు.

ఫలితాలు పక్కపక్కన

| | ఇంటెన్షన్-టు-ట్రీట్ | పర్-ప్రోటోకాల్ |
|---|---|---|
| వ్యాయామ గ్రూపులో మెరుగైనవారు | 120లో 57 (47.5%) | 84లో 50 (59.5%) |
| సలహా గ్రూపులో మెరుగైనవారు | 120లో 43 (35.8%) | 100లో 36 (36.0%) |
| తేడా (శాతం పాయింట్లు) | 11.7 | 23.5 |
| 95% కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ | −0.7 నుంచి 24.1 | 9.4 నుంచి 37.6 |
| లెక్కలోకి రానివారు | ఎవరూ లేరు | వ్యాయామం 36, సలహా 20 |

సలహా గ్రూపు అంకె రెండు విశ్లేషణల్లోనూ దాదాపు కదలలేదు. కదిలిందంతా వ్యాయామ గ్రూపు అంకే. పక్కకు తప్పించిన 36 మందిలో మెరుగైనట్టు నమోదైనవారు 7 మందే. ఆ 36 మందినీ తీసేస్తే మిగిలినవారి శాతం పెరగక తప్పదు.

ఇద్దరి రికార్డులు చూస్తే ఇది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. వ్యాయామ గ్రూపులో ఒకామె నొప్పి 8తో మొదలుపెట్టారు. మొదటి నాలుగు వారాల్లో 12 సెషన్లకు 11 వచ్చారు. ఐదో వారంలో నొప్పి 9కి చేరింది, మెట్లు దిగలేకపోతున్నానని చెప్పి మానేశారు. 12వ వారం కొలతకు వచ్చినప్పుడు నొప్పి మళ్లీ 8. ఇంటెన్షన్-టు-ట్రీట్ లెక్కలో ఆమె మెరుగుపడనివారిలో ఒకరు. పర్-ప్రోటోకాల్ లెక్కలో ఆమె అసలు లేరు. వ్యాయామం వల్ల ఇబ్బంది పడి ఆగిపోయిన మనిషే వ్యాయామం ఎంత మేలు చేసిందో చెప్పే లెక్కలోంచి మాయమయ్యారు.

రెండో వ్యక్తి సలహా గ్రూపు. మూడో వారంలో సొంతంగా ఫిజియోథెరపీలో చేరారు, నొప్పి 7 నుంచి 4కు తగ్గింది. ఇంటెన్షన్-టు-ట్రీట్‌లో ఆయన మెరుగుదల సలహా గ్రూపు ఖాతాలోకే వెళ్తుంది. ఇది వ్యాయామానికి అన్యాయంలా కనిపిస్తుంది, నిజమే. బయట చేరిన 8 మందిలో 5 మంది మెరుగయ్యారు, ఆ మేరకు రెండు గ్రూపుల మధ్య తేడా తగ్గి ఉండవచ్చు. అయినా ఆయన్ని వ్యాయామ గ్రూపులోకి మార్చలేదు. అలా మార్చడం మొదలుపెడితే లాటరీ వేసి ఉపయోగం ఉండదు.

తీసేసినవారు, మిగిలినవారు ఒకేలాంటివారా

ప్రారంభంలో రెండు గ్రూపుల సగటు నొప్పి సమానం, 6.4. ర్యాండమైజేషన్ ఇచ్చిన సమానత్వం అది. పర్-ప్రోటోకాల్‌లో మిగిలిన 84 మందికి ప్రారంభ సగటు 6.1. తప్పించిన 36 మందికి 7.0. నొప్పి ఎక్కువగా ఉన్నవారే ఎక్కువగా జారిపోయారన్నమాట. సలహా గ్రూపులో మిగిలిన 100 మందికి సగటు 6.3, తప్పించిన 20 మందికి 6.9. కాబట్టి పర్-ప్రోటోకాల్ పోలిక లాటరీ విడదీసిన రెండు గ్రూపుల మధ్య పోలిక కాదు.

ప్రారంభ నొప్పిని సరిచేసి పర్-ప్రోటోకాల్ లెక్కను మళ్లీ వేస్తే తేడా 21.9 పాయింట్లు (7.9 నుంచి 35.9). కొద్దిగానే తగ్గింది. కానీ సరిచేయగలిగింది మేం కొలిచినదాన్నే. వారానికి మూడుసార్లు రాగలిగే తీరిక, ఇంట్లో సాయం, పట్టుదల లాంటివి మా పట్టికల్లో లేవు.

కొలవనివి ఎంత పెద్దవో వైద్య పరిశోధనకు బాగా తెలుసు. కొరొనరీ డ్రగ్ ప్రాజెక్ట్ ట్రయల్‌లో క్లోఫైబ్రేట్ మందును 80 శాతం పైగా సక్రమంగా వేసుకున్నవారిలో అయిదేళ్ల మరణాల రేటు 15.0 శాతం, సరిగ్గా వేసుకోనివారిలో 24.6 శాతం. అక్కడితో ఆపితే మందు బ్రహ్మాండంగా పనిచేసినట్టే. కానీ ప్లాసిబో మాత్రలు సక్రమంగా వేసుకున్నవారిలో కూడా ఆ రేటు 15.1 శాతం, వేసుకోనివారిలో 28.2 శాతం. మందే లేని మాత్ర ప్రాణాలు కాపాడదు. క్రమం తప్పకుండా మాత్రలు వేసుకునే మనుషులే వేరుగా ఉన్నారు. 1980లో ప్రచురితమైన ఈ అంకెలు మా 84 మందికీ హెచ్చరికే.

తెలియని 22 మంది గురించి

కొలత ఉన్న 218 మందిని మాత్రమే, ఎవరి గ్రూపులో వారిని ఉంచి లెక్కిస్తే వ్యాయామ గ్రూపులో 107లో 57 (53.3%), సలహా గ్రూపులో 111లో 43 (38.7%). తేడా 14.5 పాయింట్లు (1.4 నుంచి 27.6). ఇక్కడ ఇంటర్వెల్ మొత్తం సున్నాకు పైనే ఉంది. ఈ లెక్కను ప్రధాన ఫలితంగా చూపాలన్న ఆశ మా బృందంలోనూ కలిగింది. ముందే రాసుకున్న ప్రణాళిక ఉండడం వల్ల ఆ చర్చ ఎక్కువసేపు సాగలేదు.

వ్యాయామానికి పూర్తి వ్యతిరేకమైన ఊహ, అంటే వ్యాయామ గ్రూపులో తెలియని 13 మందీ మెరుగుపడలేదు, సలహా గ్రూపులో తెలియని 9 మందీ మెరుగయ్యారు అనుకుంటే తేడా 4.2 పాయింట్లు (−8.4 నుంచి 16.8). పూర్తి అనుకూలమైన ఊహలో 22.5 (10.2 నుంచి 34.8). గమనించండి, ఆ 22 మంది గురించి అత్యంత ఆశావహంగా ఊహించినా పర్-ప్రోటోకాల్ అంకె 23.5ను అందుకోలేదు.

ఈ రెండు అంకెలను ఎలా చదవాలి

రెండింటి ప్రశ్నలు వేరు. ఇంటెన్షన్-టు-ట్రీట్ అడిగేది: ఇలాంటివారికి ఈ వ్యాయామం సూచిస్తే, కొందరు చేసి కొందరు మానేసే మామూలు పరిస్థితిలో, మొత్తంగా ఎంత మేలు? పర్-ప్రోటోకాల్ చెప్పేది: చివరిదాకా చేయగలిగినవారిలో ఏం కనిపించింది? ‘అందరూ చివరిదాకా చేస్తే ఎంత మేలు’ అన్న మూడో ప్రశ్న ఒకటుంది. పర్-ప్రోటోకాల్ అంకెను దానికి జవాబుగా చదవడం సులువు, కానీ అది తప్పు. మధ్యలో మానేసిన 19 మందిలో 9 మంది నొప్పి పెరిగి మానేశారు. వాళ్లు కొనసాగి ఉంటే మెరుగయ్యేవారని చెప్పే ఆధారం మా దగ్గర లేదు.

అలాగని వ్యాయామం పనికిరాదని తేల్చడం కూడా సరికాదు. −0.7 నుంచి 24.1 అన్న ఇంటర్వెల్‌లో దాదాపు ఏ మేలూ లేకపోవడం ఉంది, మేం వెతికిన 18 పాయింట్ల మేలూ ఉంది. ఈ ట్రయల్ ఆ రెండింటినీ విడదీయలేకపోయింది. ఒక చికిత్స మరోదానికి తీసిపోదని చూపే నాన్-ఇన్ఫీరియారిటీ ట్రయల్ అయితే పర్-ప్రోటోకాల్‌కు ఇంకా ఎక్కువ బరువు ఇచ్చేవాళ్లం. అక్కడ మానేయడాలు, గ్రూపు దాటడాలు రెండు చికిత్సలనూ ఒకేలా కనిపించేలా చేసి తప్పుడు ధైర్యం ఇస్తాయి. మాది ఒకటి మెరుగని చూపాలనుకున్న ట్రయల్.

సంక్షిప్త సారాంశంలో ఈ వాక్యాలే ఉంటాయి: “ర్యాండమైజ్ చేసిన 240 మందినీ లెక్కించినప్పుడు నొప్పి తగ్గినవారి శాతంలో తేడా 11.7 పాయింట్లు (95% కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ −0.7 నుంచి 24.1), మేలు ఉందని నిర్ధారణ కాలేదు. ప్రోటోకాల్ పాటించిన 184 మందిలో తేడా 23.5 పాయింట్లు (9.4 నుంచి 37.6), అయితే వ్యాయామ గ్రూపులో 30 శాతం మంది ఈ లెక్కలోకి రాలేదు, వారి ప్రారంభ నొప్పి ఎక్కువ.” రెండో వాక్యాన్ని ‘అయితే’ దగ్గర కోసి ఎక్కడా వాడవద్దని సహ రచయితలందరం ఒప్పుకున్నాం. ఆరో నెల కొలతకు 240 మందినీ మళ్లీ పిలుస్తున్నాం, వ్యాయామం మానేసినవారికి మొదట ఫోన్ చేసి.