స్వాతి, కిరణ్‌ల శుభలేఖకు పిలుపు మాటలు

స్వాతీ,

నువ్వు అడిగినవి రాశాను. కిరణ్‌ని పక్కన కూర్చోబెట్టుకుని ఇద్దరూ పైకి చదవండి. మనసులో చదివితే అన్నీ బాగున్నట్టే ఉంటాయి. నోటితో అంటేనే ఏది మీ మాటో, ఏది కాదో తెలిసిపోతుంది.

ముందు, మీరు వద్దనుకున్న ఆ పాత వాక్యం: "మా ఆహ్వానమును మన్నించి, సకుటుంబ సపరివార సమేతముగా విచ్చేసి, వధూవరులను ఆశీర్వదించి, మమ్మానందింపజేయ ప్రార్థన." దాని మీద నాకు కోపం లేదు. చదువుతుంటే ఒక లయ ఉంది. కానీ అందులో మీరిద్దరూ ఎక్కడా మాట్లాడరు. మాట్లాడేది పెద్దవాళ్లు, మీ గురించి. పైగా "మన్నించి" అంటే అక్కడ "గౌరవించి" అని అర్థం. ఇప్పుడు వినేవాళ్లకి "క్షమించి" అనే తడుతుంది. "స" అన్నా, "సమేతం" అన్నా "తో కలిసి" అనే కాబట్టి ఒకే మాట మూడుసార్లు అన్నట్టయింది. మీరు పిలిచేది నూట ఇరవై మందిని. ఆ వాక్యం వేస్తే అందరినీ వాళ్ల పరివారంతో రమ్మన్నట్టే.

అసలు కార్డుకి నాకు నచ్చింది ఇది:

మేమిద్దరం పెళ్లి చేసుకుంటున్నాం.
ఆ రోజు మీరు మా దగ్గర ఉండాలని మా కోరిక.
డిసెంబర్ 13, ఆదివారం, ఉదయం 10 గంటలకు.
తప్పకుండా రావాలి.
స్వాతి, కిరణ్

"రాగలరు" అని వేయొద్దు. అది ఆఫీసు నోటీసులో మాట. ఇంటికి వెళ్లి పిలిచేటప్పుడు గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి ఏమంటాం? "తప్పకుండా రావాలి" అంటాం. ఆ గొంతే కార్డు మీద వినిపించాలి.

ఇక అమ్మావాళ్ల సంగతి. "మా పేర్లే లేకపోతే ఎలా" అని మీ అమ్మ బాధపడిందన్నావు. ఆ బాధ నిజం. అందుకని పాత వాక్యానికి తిరిగి వెళ్లక్కర్లేదు. తేడా అంతా ఒక్క క్రియలో ఉంది చూడు. "మా అమ్మాయికి పెళ్లి చేస్తున్నాం" అంటే పని పెద్దవాళ్లది. "మా పిల్లలు పెళ్లి చేసుకుంటున్నారు" అంటే పని మీది, సంతోషం వాళ్లది. పిలిచేది వాళ్లే, కానీ మీరు బొమ్మల్లా ఉండరు:

మా పిల్లలు స్వాతి, కిరణ్ ఒకరినొకరు ఇష్టపడి పెళ్లి చేసుకుంటున్నారు.
మాకు చాలా సంతోషంగా ఉంది.
ఈ సంతోషంలో మీరూ ఉండాలి.

కిరణ్ వాళ్ల నాన్నగారు లేరు కదా, తల్లిదండ్రుల పేర్లు జంటలుగా వేసే చోట వాళ్ల అమ్మగారి పేరు ఒంటరిగా కనిపిస్తుందని కిరణ్‌కి టెన్షన్ అన్నావు. ఈ ఒక్కదాని మీదే రెండు సాయంత్రాలు కూర్చున్నాను. జంటలుగా వేయడమే మానేద్దాం:

కిరణ్ వాళ్ల అమ్మ, స్వాతి వాళ్ల అమ్మానాన్న, మేమిద్దరం, అయిదుగురం కలిసి పిలుస్తున్నాం.
మా పెళ్లికి రండి.
కిరణ్ నాన్నగారు ఉండి ఉంటే అందరికంటే ముందు మిమ్మల్ని ఆయనే పిలిచేవారు.

చివరి వాక్యం ఆవిడని అడిగాకే వేయండి. ఆవిడ వద్దంటే మొదటి రెండూ చాలు. "అయిదుగురం" అన్నాక ఎవరూ ఒంటరిగా లేరు.

స్నేహితులకి వేరే పంపండి. మీ వయసువాళ్లని "ఆశీర్వదించండి" అంటే వాళ్లకీ ఇబ్బందే. "మీరు" కూడా వద్దు:

చివరికి చేసుకుంటున్నాం!
మా గొడవలన్నీ విన్నావు, మా ఇద్దరికీ సర్ది చెప్పావు.
ఇప్పుడు పెళ్లికి రాకపోతే ఊరుకోం.
13న పొద్దున్నే వచ్చెయ్.

దూరంగా ఉన్న స్నేహితులకి ఇదే పంపితే ఎబ్బెట్టుగా ఉంటుంది. నిజంగా మీ గొడవలు విన్నవాళ్లకే.

ఆఫీసువాళ్లకి ఎక్కువ ఆలోచించక్కర్లేదు: "డిసెంబర్ 13న మా పెళ్లి. మీరు వస్తే మాకు సంతోషం. వీలు చూసుకుని రండి." "వీలు చూసుకుని" అన్నది వాళ్ల మీద బరువు లేకుండా చేస్తుంది.

తాతయ్యకీ అమ్మమ్మకీ మాత్రం పాత మాటలో ఒకటి ఉంచండి. ఆశీర్వాదం వాళ్ల నోట నిజంగా వచ్చే మాట, మీకూ కావలసిన మాట. వాళ్లకి ఇచ్చే కార్డు లోపల స్వాతి చేత్తో, పెద్ద అక్షరాలతో:

తాతయ్యా, అమ్మమ్మా,
మా పెళ్లికి మీరు ముందు వరుసలో కూర్చోవాలి.
మీ చెయ్యి మా తల మీద ఉండాలి.
కారు పంపిస్తాం, మెట్లు ఎక్కే పని లేదు.

మెట్ల మాట కార్డులో ఏంటి అనుకోకు. అమ్మమ్మ మోకాళ్ల నొప్పులతో ఎక్కడికీ రానంటోంది కదా. ఆవిడ వెతుక్కునేది ఆ లైనే.

ఎంతమంది రావాలో చెప్పడం అందరికీ మొహమాటమే. "పరిమిత సంఖ్యలో" అంటే రేషన్‌లా వినిపిస్తుంది. పేర్లతో చెప్పేయండి: "శ్రీనివాస్ గారూ, లక్ష్మి గారూ, మీ ఇద్దరి కోసం రెండు కుర్చీలు ఉంచుతున్నాం. వస్తున్నారో లేదో నవంబర్ 20లోపు ఒక్క మాట చెప్పండి." లెక్క అందులోనే ఉంది, చిన్నబుచ్చడం లేదు. పిల్లలున్న ఇంటికైతే "పిల్లలతో కలిసి నలుగురికీ" అని రాస్తే ఫోన్ చేసి అడిగే పని వాళ్లకి తప్పుతుంది.

బహుమతుల గురించి మీరు రాసుకున్న "మీ రాకయే మాకు బహుమానం" తీసేశాను. అది చదివి కూడా అందరూ తెస్తారు, మర్యాదకి అన్నారనుకుంటారు. దీన్ని వేయండి: "బహుమతులు తేవద్దు. మొహమాటానికి అనడం లేదు, నిజంగానే అంటున్నాం."

పిలవలేకపోతున్నవాళ్లకి పెళ్లయ్యాక పంపేది: "డిసెంబర్ 13న మేం పెళ్లి చేసుకున్నాం. చిన్నగా చేసుకోవడం వల్ల మిమ్మల్ని పిలవలేకపోయాం. ఒక రోజు మీ ఇంటికి వచ్చి కలుస్తాం." మూడో వాక్యం నిజంగా వెళ్లగలిగినవాళ్లకే రాయండి.

నా పెళ్లి కార్డు మీద ఉన్నది ఆ పాత వాక్యమే. ప్రెస్‌లో నమూనా చూపించారు, పేర్లు మార్చారు, అంతే. నా చిన్ననాటి స్నేహితురాలు ఆ కార్డు ఇప్పటికీ దాచుకుంది. మొన్న తీసి చూపించింది. లోపలి అచ్చు ఎవరూ చదివినట్టు లేదు. కవరు వెనక నేను నీలం పెన్నుతో రాసింది మాత్రం చూపించి నవ్వింది: "నువ్వు రాకపోతే నాకు తోచదే." అందుకే కార్డులో కింద రెండు వేళ్ల వెడల్పు ఖాళీ వదలమని ప్రెస్‌వాళ్లకి చెప్పు. కాగితం మరీ నున్నగా ఉంటే పెన్ను పట్టదు, అదీ చూడు.

శనివారానికల్లా ఏవి ఉంచారో చెప్పండి. అయిదుగురి పేర్లున్నది మాత్రం ముందు కిరణ్ వాళ్ల అమ్మగారికి చదివి వినిపించండి.

అక్క