మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ ప్రవేశానికి ఉద్దేశ పత్రం

ఎనిమిదేళ్లుగా హైదరాబాద్‌లో డేటాబేస్ ఇంజినీర్‌గా పనిచేస్తున్నాను. చివరి మూడేళ్లు ఏఎన్ఎంలు టాబ్లెట్‌లో నింపే మాతాశిశు రికార్డులతోనే గడిచాయి.

అత్తగారి ఊళ్లో నమోదైన గర్భిణి పురిటికి పుట్టింటికి వెళ్తుంది. అక్కడి ఏఎన్ఎం మళ్లీ నమోదు చేస్తుంది. బిడ్డ ఒక్కడే, రికార్డులు రెండు. టీకా ఒకదానిలోనే పడుతుంది కాబట్టి, హారం పెరిగి టీకాల శాతం ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. ఫోన్ నంబరుతో రికార్డులు కలిపితే, ఒకే ఫోన్ వాడే ఇద్దరు తోడికోడళ్లు ఒక్క మనిషైపోయారు. పేరు, భర్త పేరు, చివరి నెలసరి తేదీ చేర్చాక ఆ తప్పు చాలావరకు తగ్గింది.

అసలు నమోదే కాని వలస కూలీల పిల్లలు మాత్రం ఏ కోడ్‌కూ దొరకరు. వాళ్లను లెక్కించాలంటే ఇంటింటి సర్వే కావాలి. శాంపిలింగ్, బయోస్టాటిస్టిక్స్, ఎపిడెమియాలజీ నాకు రావు. అందుకే ఈ కోర్సు.

30 క్లస్టర్లలో ఏడుగురేసి, మొత్తం 210 మంది పిల్లల టీకా కార్డులను రిజిస్టర్‌తో పోల్చడం నా థీసిస్ ఆలోచన. ఇటుక బట్టీల పిల్లలకు విడిగా శాంపిల్ తీస్తాను.