పాఠ్య ప్రణాళిక: విడి వివరాల నుంచి చిన్న వార్త

తరగతి: బీఏ జర్నలిజం రెండో సంవత్సరం, 26 మంది
సమయం: 60 నిమిషాలు
కావలసినవి: వివరాల కాగితం జిరాక్సులు, తెల్లకాగితాలు, బోర్డు. ఫోన్లు సంచుల్లోనే ఉండాలి.

పీరియడ్ అయ్యేసరికి ప్రతి ఒక్కరి చేతిలో 80 మాటల్లోపు వార్త ఒకటి ఉండాలి. అందులో మొదటి వాక్యం ఏది, ఎందుకు అన్నది అడిగితే చెప్పగలగాలి. హెడ్డింగ్ ఈ రోజు పని కాదు.

మొదటి 10 నిమిషాలు

ఉపోద్ఘాతం లేకుండా కాగితాలు పంచాలి. ఒకే మాట చెప్పాలి: "ఇవాళ 2023 ఆగస్టు 23, బుధవారం. రాత్రి 8 గంటలు. మీరు డెస్క్‌లో ఉన్నారు. రేపటి పేపర్‌కి వార్త ఇవ్వాలి."

వివరాల కాగితం (వరుస కావాలనే చెదరగొట్టాను):

- చంద్రయాన్-3ని జులై 14న మధ్యాహ్నం 2.35కి శ్రీహరికోట నుంచి ప్రయోగించారు. రాకెట్ ఎల్‌వీఎం3-ఎం4.
- ల్యాండర్ విక్రమ్, రోవర్ ప్రజ్ఞాన్.
- 2019 సెప్టెంబరులో చంద్రయాన్-2 ల్యాండర్ దిగబోతూ కూలిపోయింది.
- దిగిన చోటు సుమారు 69 డిగ్రీల దక్షిణ అక్షాంశం. ఆ ప్రాంతంలో ఇంతకుముందు ఏ దేశమూ దిగలేదు.
- ప్రధాని జొహానెస్‌బర్గ్ నుంచి వీడియోలో చూశారు.
- ఆగస్టు 19న రష్యా లూనా-25 చంద్రుడిపై కూలిపోయింది.
- విక్రమ్ సాయంత్రం 6.04కి దిగింది. నియంత్రణ బెంగళూరు నుంచి.
- అమెరికా, సోవియట్ యూనియన్, చైనా ఇంతకుముందే చంద్రుడిపై సురక్షితంగా దిగాయి.
- ల్యాండర్ పనిచేసేది ఒక చంద్రుడి పగలు, అంటే మన లెక్కన సుమారు 14 రోజులు.
- దిగిన చోటికి శివశక్తి అని పేరు పెడుతున్నట్లు ఆగస్టు 26న ప్రకటించారు.

చదివాక చర్చ వద్దు. అక్కరలేనివి కొట్టేయమనాలి. చివరి వివరాన్ని ఎంతమంది కొట్టేశారో చూడాలి. 23వ తేదీ రాత్రి రాసేవాడికి 26న జరిగేది తెలియదు. దాన్ని వాడుకున్నవాళ్లను అందరి ముందూ తప్పుపట్టకూడదు. "నువ్వు ఏ రోజున ఉన్నావు?" అని అడిగితే వాళ్లకే తడుతుంది.

తర్వాతి 20 నిమిషాలు: ఇంట్రో

పాఠమంతా ఇక్కడే ఉంది, తొందరపడకూడదు. బోర్డు మీద ఇది రాయాలి:

"జులై 14న శ్రీహరికోట నుంచి ఎల్‌వీఎం3-ఎం4 రాకెట్ ద్వారా ప్రయోగించిన, 40 రోజుల ప్రయాణం పూర్తి చేసుకున్న చంద్రయాన్-3లోని విక్రమ్ ల్యాండర్ బుధవారం సాయంత్రం చంద్రుడిపై దిగింది."

ఒకరితో గట్టిగా చదివించాలి. "దిగింది" దగ్గరికి వచ్చేసరికి ఊపిరి అయిపోతుంది. తెలుగులో క్రియ చివర వస్తుంది. ముందు విశేషణాలు పేర్చుకుంటూ పోతే అసలు ఏం జరిగిందో తెలియడానికి పాఠకుడు వాక్యం చివరిదాకా కాచుకోవాలి. ఇంట్రో 15 మాటలు దాటకూడదన్నది మన తరగతి నియమం.

ఇంకో రెండు చోట్ల పిల్లలు జారతారు. శ్రీహరికోట మనది కాబట్టి డేట్‌లైన్ అక్కడిదే వేస్తారు. ఆ అభిమానం నాకూ ఉంది, కానీ ఆ సాయంత్రం సంగతి బెంగళూరులో జరిగింది. రెండోది "దక్షిణ ధ్రువంపై" అని రాయడం. ధ్రువం 90 డిగ్రీల దగ్గర. 69 డిగ్రీలంటే "దక్షిణ ధ్రువ ప్రాంతం" అనాలి. బోర్డు మీద గుండ్రం గీసి రెండు చోట్లా చుక్కలు పెడితే ఎంత దూరమో కంటికి కనిపిస్తుంది.

"చరిత్ర సృష్టించింది", "యావత్ దేశం ఉప్పొంగింది" లాంటివి వస్తే, ఆ మాట కాగితంలో ఏ వివరం మీద నిలబడుతుందో అడగాలి. నాలుగో దేశం, ఆ ప్రాంతంలో దిగిన తొలి దేశం అని రాస్తే ఆ గొప్ప దానంతట అదే పాఠకుడికి అందుతుంది.

తర్వాతి 20 నిమిషాలు: రాయడం

మౌనంగా. ఇంట్రో తర్వాత ఏ క్రమంలో వెళ్లాలో ఒక్కటే గుర్తుచేయాలి: పేజీలో చోటు చాలక కింది నుంచి కోసేస్తే, మిగిలింది వార్తగా నిలవాలి.

చివరి 10 నిమిషాలు

పక్కవాళ్లతో కాగితాలు మార్చుకుని, చివరి వాక్యాన్ని కొట్టేసి చదవాలి. ఆ తర్వాతే నా నమూనా బోర్డు మీదికి రావాలి, ముందు చూపిస్తే అందరూ అదే రాస్తారు:

బెంగళూరు, ఆగస్టు 23: చంద్రుడి దక్షిణ ధ్రువ ప్రాంతంలో భారత ల్యాండర్ విక్రమ్ బుధవారం సురక్షితంగా దిగింది. ఆ ప్రాంతానికి చేరిన తొలి దేశం మనదే. చంద్రుడిపై సురక్షితంగా దిగిన దేశాల్లో అమెరికా, సోవియట్ యూనియన్, చైనా తర్వాత నాలుగోది. సాయంత్రం 6.04కి విక్రమ్ నేలను తాకింది. 2019లో చంద్రయాన్-2 ల్యాండర్ కూలిపోయింది. నాలుగు రోజుల కిందటే రష్యా లూనా-25 కూడా కూలింది. విక్రమ్, అందులోని రోవర్ ప్రజ్ఞాన్ 14 రోజులు పనిచేస్తాయి. చంద్రయాన్-3ని జులై 14న శ్రీహరికోట నుంచి ప్రయోగించారు.

ప్రధాని వివరాన్ని ఎందుకు వదిలేశానని ఎవరో ఒకరు అడుగుతారు. 80 మాటల్లో దానికి చోటు లేదు, 200 మాటలైతే ఉంటుంది. కాదని వాదించేవాళ్లుంటే వాదించనివ్వాలి.

మార్కులు 10: నిజనిర్ధారణకు 4, ఇంట్రోకు 3, క్రమానికి 2, భాషకు 1. తేదీ, సమయం, పేరు ఏది తప్పినా మొదటి నాలుగూ పోతాయి.

ఇంటిపని: ఇవే వివరాలతో, జులై 14 రాత్రి డెస్క్‌లో కూర్చుని 60 మాటల వార్త రాయాలి. ఈసారి డేట్‌లైన్ శ్రీహరికోట.