మన ఊరి హైస్కూల్ నిధి: 2026–27 బడ్జెట్

(జూన్ 2026 నుంచి మే 2027 వరకు, సభ్యుల ఆమోదం కోసం)

అమెరికాలో ఉంటున్న మన ఊరివాళ్లలో ఈసారి లెక్కలోకి తీసుకున్నది 20 కుటుంబాలనే. కుటుంబానికి ఏడాదికి 300 డాలర్లు, మొత్తం 6,000. అమెరికా పౌరసత్వం వచ్చిన నాలుగు కుటుంబాలూ ఇస్తామనే అంటున్నాయి. కానీ ఓసీఐ కార్డు ఉన్నా వాళ్లిచ్చేది చట్టం దృష్టిలో విదేశీ విరాళమే. స్కూల్ కమిటీకి ఎఫ్‌సీఆర్ఏ అనుమతి లేదు కాబట్టి తీసుకోలేం. డబ్బు ఒకరి ఖాతాలో పోగేయడం కూడా వద్దు. ఎవరి సొంత సంపాదన వాళ్ల ఎన్ఆర్ఈ ఖాతాకు, అక్కడి నుంచి నెఫ్ట్‌లో కమిటీ ఖాతాకు వెళ్లాలి.

దారిలో పోయేది

| వివరం | రూ. |
|---|---|
| 6,000 డాలర్లు, డాలరుకు 90 చొప్పున | 5,40,000 |
| పంపే ఫీజు (20 × 3 డాలర్లు) | – 5,400 |
| రేటులో తేడా (90 బదులు 89.30) | – 4,158 |
| రేటు 88కి పడితే అని పక్కన పెట్టింది | – 7,722 |
| కరెన్సీ మార్పిడి మీద జీఎస్టీ (20 × 47) | – 940 |
| బడికి చేరేది | 5,21,780 |

నిరుడు మూడు నెలలకోసారి 75 డాలర్లు పంపాం. ఫీజులకే 240 డాలర్లు పోయాయి, అంటే నూటికి నాలుగు! పైగా జీఎస్టీ చిన్న మొత్తానికైనా కనీసం 45 రూపాయలు పడుతుంది. 80 సార్లు కట్టాం. అందుకే ఈసారి అందరూ జూన్‌లో ఒకేసారి పంపాలి. డిసెంబర్‌కు డాలర్ పెరుగుతుందేమో ఆగుదామని కొందరి మాట. మనది ఫారెక్స్ వ్యాపారం కాదు, బడి జూన్‌లోనే తెరుస్తారు.

‘ఫీజు లేదు’ అన్న ప్రకటన చూసి పంపేయకండి, చేతికి ఎన్ని రూపాయలొస్తాయో చూడండి. నగదు, మనీ ఆర్డర్, క్యాషియర్ చెక్కు ఇచ్చి పంపితే 2026 జనవరి నుంచి అమెరికాలో 1 శాతం పన్ను ఉంది. బ్యాంకు ఖాతా నుంచి పంపితే ఉండదు.

ఖర్చు

| పద్దు | రూ. |
|---|---|
| లెక్కలు, ఇంగ్లీషు విద్యా వాలంటీర్లు (2 × 12,000 × 10 నెలలు) | 2,40,000 |
| రెండు గదుల స్లాబ్ లీకేజీ | 95,000 |
| లాంగ్ నోట్‌బుక్స్ (142 మంది × 8 × 45) | 51,120 |
| మరుగుదొడ్ల ఆయా జీతం, ఫినాయిల్ | 48,000 |
| టెన్త్ పిల్లలకు సాయంత్రం అల్పాహారం (31 × 15 × 60 రోజులు) | 27,900 |
| ఆర్వో ఫిల్టర్లు, సర్వీసింగ్ | 18,000 |
| నిల్వ | 41,760 |
| మొత్తం | 5,21,780 |

స్లాబ్ పని వానలకు ముందే కావాలని హెడ్మాస్టర్ గారు అడిగారు. జూన్ డబ్బు చేరకుండా మేస్త్రీకి అడ్వాన్స్ ఇవ్వలేం కాబట్టి దసరా సెలవులకు పెట్టాం. అప్పటిదాకా కారే మూల నుంచి బెంచీలు జరపాల్సిందే.

రేటు 88కి పడకపోతే మిగిలేది నిల్వలో కలుస్తుంది. నిల్వలోంచి 10,000 దాటి తీయాలంటే కమిటీ తీర్మానం, బిల్లు ఫోటో రెండూ కావాలి. అభ్యంతరాలుంటే మే 20లోపు చెప్పండి.

– కోశాధికారి