మా సోషల్ సార్‌కి, పదో తరగతి ‘ఎ’ సెక్షన్ రాసుకున్న ఉత్తరం

ఎర్రగుంట్ల మండలం, కడప జిల్లా
జూన్, 2025

గౌరవనీయులైన సోషల్ సార్ గారికి,

పదో తరగతి ‘ఎ’ సెక్షన్ పిల్లలందరం నమస్కరించి రాస్తున్నాం.

ఒకే బడిలో ఎనిమిదేళ్ళు నిండితే టీచర్లకు బదిలీ తప్పదని మాకు తెలుసు. మీ ఎనిమిదేళ్ళు నిండాయనీ తెలుసు. అయినా మా పదో తరగతి అయ్యేదాకా మీరే ఉంటారని ఎందుకో గట్టిగా అనుకున్నాం. సెలవుల తర్వాత బడి తెరిచీ తెరవగానే, మీకు పోరుమామిళ్ళ వైపు పడిందని ఆఫీసు దగ్గర విన్నాం. ఆ రోజు మధ్యాహ్నం భోజనం చాలామందికి సహించలేదు. వీడ్కోలు సభలో మైకు ముందు నిలబడితే మాకు మాటలు రావు, ఏడుపే వస్తుంది. అందుకే అందరం కూర్చుని చెప్పాలనుకున్నవన్నీ కాగితం మీద పెట్టాం.

సార్, ఆరో తరగతిలో మీరు మాకు మొదటి పాఠం చెప్పిన రోజు పుస్తకం తెరవలేదు. “మీ కాళ్ళ కింద ఏముంది?” అని అడిగారు. బండలు అన్నాం. ఏ బండలు అన్నారు. నాపరాళ్ళు అన్నాం. ఇంట్లో, గుళ్ళో, మసీదులో, గొడ్ల పాకలో ఎక్కడ చూసినా అవే కాబట్టి వాటి గురించి చెప్పడానికి ఏముంటుందిలే అనుకున్నాం. అప్పుడు మీరు, కోట్ల ఏళ్ళ కిందట ఇక్కడ సముద్రం ఉండేదనీ, దాని అడుగున సన్నటి మట్టీ సున్నమూ పొర మీద పొర పేరుకుని గట్టిపడితే ఈ రాయి అయిందనీ చెప్పారు. ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు ఎందుకు వచ్చాయో కూడా ఆ పీరియడ్‌లోనే అర్థమైంది. సున్నపురాయి ఎక్కడుంటే సిమెంటు అక్కడ. అర్ధగంటలో మా ఊరు మాకే కొత్తగా కనిపించింది.

మరుసటి వారం జరిగింది మాత్రం మా క్లాసులో ఎవ్వరూ మర్చిపోలేరు. పర్వీన్ వాళ్ళ నాయన బండల ఫ్యాక్టరీలో పాలిష్ పని చేస్తాడు. ఆ సంగతి తను ఎవరికీ చెప్పేది కాదు. మీకు ఎలా తెలిసిందో గానీ, “అమ్మా, మీ ఇంటి దగ్గర రకరకాల బండ ముక్కలు దొరికితే నాలుగు తెచ్చి నాకు చూపిస్తావా?” అని అడిగారు. తను సంచిలో మోసుకొచ్చింది. మీరు కుర్చీ పక్కకు జరిపి, “ఈ రోజు పాఠం పర్వీన్ చెబుతుంది” అని మా మధ్యకొచ్చి బెంచీ మీద కూర్చున్నారు. మొదట గొంతు పెగల్లేదు. మీరే ఒక్కో ప్రశ్న వేశారు. రాయిని పక్కనుంచి చూస్తే సన్నగా గీతలు కనిపిస్తాయని, ఉలి ఆ గీత మీద పెట్టి కొడితేనే బండ పలకలాగా లేస్తుందని, అడ్డంగా కొడితే ముక్కలవుతుందని తను చెప్పింది. మిషన్ దగ్గర నీళ్ళు పారుతుంటేనే పాలిష్ పడతారని, పని దిగేసరికి నాయన చేతులు పాలిపోయి ఉంటాయని కూడా చెప్పింది. మీరు నోటుబుక్కులో రాసుకున్నారు సార్! ఒక టీచరు మా మాటలు రాసుకోవడం మేము అప్పుడే చూశాం. పర్వీన్ ఆ రోజు నుంచి ముందు బెంచీ వదల్లేదు.

కలమళ్ళకు తీసుకెళ్ళినప్పుడు కూడా అంతే. పక్క ఊరే కదా, చూసేదేముంది అనుకుంటూ వచ్చాం. గుడి ఆవరణలో మీరు ఒకప్పుడు ఈ సీమను ఏలిన రేనాటి చోళుల గురించి, వాళ్ళలో ఎరికల్ ముతురాజు ధనంజయుడి గురించి చెప్పారు. క్రీ.శ. 575 ప్రాంతంలో ఆయన పేరుతో వేయించిన శాసనం తెలుగులో దొరికిన తొలి శాసనాల్లో ఒకటని అన్నారు. అంతకుముందు రాజులు సంస్కృతంలో, ప్రాకృతంలో రాయిస్తుంటే, జనం మాట్లాడే మాటను రాతి మీదికి ఎక్కించినవాళ్ళు మన నేల వాళ్ళేనని మీరు చెబుతుంటే మీ గొంతు మారింది. ఇంటికెళ్ళి చెబితే మా అవ్వలు కూడా నోరు తెరుచుకుని విన్నారు. కడప వాళ్ళ మాట మొరటని ఎవరైనా అంటే ఇప్పుడు మేము ఊరుకోవడం లేదు సార్. 575 అని చెబుతున్నాం.

పెన్నానది మ్యాపు మీలాగా ఎవరూ వేయలేరు. కర్ణాటకలో నంది కొండల దగ్గర సుద్దముక్క ఆనిస్తే, అనంతపురం మీదుగా గండికోట లోయ దాటించి, నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలిపేదాకా చెయ్యి ఎత్తేవాళ్ళు కాదు. తర్వాత చిత్రావతి, కుందూ, పాపాఘ్ని, సగిలేరు, చెయ్యేరు ఎక్కడెక్కడ కలుస్తాయో మా చేత గీయించేవాళ్ళు. పరీక్షలో మ్యాపు పాయింటింగ్ అంటే మాకు ఇప్పుడు టెన్షన్ లేదు.

పాఠాలు కాక మీరు చేసినవి ఇంకా చాలా ఉన్నాయి. ఎనిమిదో తరగతిలో ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష కోసం బడికి ముందే వచ్చి మమ్మల్ని కూర్చోబెట్టారు. పాసైన వాళ్ళకు ఏడాదికి 12,000 రూపాయలు వస్తున్నాయి. ఆ డబ్బుతో ఎవరింట్లో ఏ అవసరం తీరిందో మీకు తెలుసు.

నాగరాజు బడి మానేసి క్వారీ పనికి పోతున్నప్పుడు మీరు వాళ్ళింటికి వెళ్ళారు. చదువు మాట ఎత్తనే లేదట. అరుగు మీద కూర్చుని వాళ్ళ నాయనతో శనగ పంట గురించి, బోరు గురించి చాలాసేపు మాట్లాడారట. లేచేటప్పుడు మాత్రం, “వాడు లేకపోతే నా క్లాసులో ప్రశ్నలడిగేవాళ్ళు లేరన్నా” అన్నారట. సోమవారం వాడు బడికొచ్చాడు. ఈ ఉత్తరంలో ఈ ముక్క తప్పకుండా రాయమని పట్టుబట్టింది కూడా వాడే.

ఇప్పుడు మీరు వెళ్ళే చోట పోరుమామిళ్ళ చెరువు ఉంది. దాని గురించి మీరే మాకు చెప్పారు. విజయనగర రాజుల కాలంలో, 1369లో, చెరువు కట్టించిన సంగతి రాతి మీద చెక్కించారని, మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు లక్షణాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో రాశారని చెప్పారు. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు పెట్టి రెండేళ్ళు పని చేశారన్నారు. ఈ పాఠాన్ని ఇక ఆ చెరువు కట్ట మీదే చెబుతారు. మాకు కొంచెం కుళ్ళుగా ఉంది, నిజం. కానీ ఆ పిల్లలు కూడా మాలాగే తమ ఊళ్ళో ఏముందిలే అనుకుంటూ ఉంటారు. వాళ్ళకు మీరు కావాలి.

శాలువా, దండ స్కూలు తరఫున వేస్తారు. మా తరఫున ఒక చిన్న నాపరాయి పలక ఇస్తున్నాం. పర్వీన్ వాళ్ళ నాయన కోసి పాలిష్ పట్టి ఇచ్చాడు, డబ్బులు తీసుకోలేదు. వెనక మా అందరి పేర్లు రాశాం. కొత్త బడిలో మీ టేబుల్ మీద కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకోండి సార్.

ఆరోగ్యం జాగ్రత్త. బస్సులో అంత దూరం తిరగకుండా అక్కడే ఇల్లు చూసుకోండి. వేడినీళ్ళే తాగండి, పాఠం చెబుతూ గొంతు చించుకోకండి.

ఇంకో మాట. చలికాలంలో గండికోటకు తీసుకెళ్తానని మాట ఇచ్చారు. హెచ్‌ఎం సార్‌ని అడిగాం, సరే అన్నారు. ఆదివారం పెట్టుకుందామని ఆయనే చెప్పారు. తేదీ ఖాయం కాగానే ఫోన్ చేస్తాం. మీరు మైదుకూరు, ప్రొద్దుటూరు మీదుగా జమ్మలమడుగు బస్టాండుకు వచ్చేయండి. మేము అక్కడే ఉంటాం. మీ కొత్త క్లాసు పిల్లలు వస్తామంటే వాళ్ళనీ తీసుకురండి, మధ్యాహ్నం భోజనం అందరికీ మేమే కట్టుకొస్తాం.

ఇట్లు,
మీ ప్రియమైన విద్యార్థులు,
పదో తరగతి ‘ఎ’ సెక్షన్