గృహ రుణ వడ్డీ సర్టిఫికెట్ కోసం బ్రాంచి మేనేజర్ గారికి అర్జీ

గుణుపురం,
రాయగడ జిల్లా, ఒడిశా.
తేదీ: 04-08-2025

బ్రాంచి మేనేజర్ గారికి,
గృహ రుణాల విభాగం,
పాతపట్నం శాఖ,
శ్రీకాకుళం జిల్లా.

విషయం: 2024-25 ఆర్థిక సంవత్సరానికి గృహ రుణ వడ్డీ తుది సర్టిఫికెట్ నా పేరు సరిచేసి ఇప్పించవలసిందిగా మనవి.
గృహ రుణ ఖాతా నంబరు చివరి అంకెలు: 4173 (పూర్తి నంబరు జతచేసిన స్టేట్‌మెంటు నకలులో ఉంది)

అయ్యా,

నేను గుణుపురంలో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడిగా పనిచేస్తున్నాను. పాతపట్నంలో ఇల్లు కట్టుకోవడానికి మీ శాఖ నాకు 17-11-2020న 18,00,000 రూపాయల రుణం మంజూరు చేసింది. స్థలం, ఇల్లు రెండూ నా ఒక్కడి పేరునే రిజిస్టరై ఉన్నాయి. నా భార్య సుజాత రుణంలో సహ రుణగ్రహీత మాత్రమే. నెలకు 15,600 రూపాయల వాయిదా ప్రతి నెలా 5వ తేదీన నా జీతం ఖాతా నుంచే వెళుతోంది. ఇప్పటివరకు ఒక్క వాయిదా కూడా తప్పలేదు.

ఇన్‌కమ్ టాక్స్ రిటర్నుకు ఈ రుణం వడ్డీ సర్టిఫికెట్ కావాలి. గత డిసెంబరులో మీరు ఇచ్చిన తాత్కాలిక సర్టిఫికెట్ విషయంలో రెండు ఇబ్బందులు వచ్చాయి. మొదటిది, అందులో నా భార్య పేరు మాత్రమే పడింది, నా పేరు ఎక్కడా లేదు. ఇల్లు నాది, వాయిదా కట్టేది నేను, కాగితం మాత్రం ఆమె పేరున ఉండడంతో మా జీతాల ఆఫీసువారు దాన్ని తీసుకోలేదు. ఫిబ్రవరి జీతంలో పన్ను పూర్తిగా కోసేశారు. ఫారం 16లో ఇంటి వడ్డీ గడి సున్నాగానే ఉంది. వాళ్ళను తప్పుపట్టలేను, చేతిలో ఉన్న కాగితం చూసే వాళ్ళు పని చేయాలి కదా. నేను పడే శ్లాబులో అది దాదాపు 30,000 రూపాయల తేడా. అంటే నాకు రెండు నెలల వాయిదా.

రెండవది, మీ రికార్డులో ఉన్న నా పేరు స్పెల్లింగు. మీ దగ్గర రుణం తీసుకున్నప్పుడు ఆధార్ ప్రకారం 'లక్ష్మీనారాయణ' అని రాశారు. ఒడిశాలో నా సర్వీసు పుస్తకం, దాన్నిబట్టి తీసుకున్న పాన్ కార్డు రెండింటిలోనూ 'లక్ష్మీనారాయణ్' అని ఉంది, ఇంగ్లీషులో కె.ఎస్.హెచ్. చోట ఎక్స్ కూడా వేశారు. సరిహద్దుకు అటూ ఇటూ బతికే మా బోటి వాళ్ళకు ఇది పాత బాధే. పేరు ఒకటే అయినా కాగితం మీద ఇద్దరు మనుషుల్లా కనిపిస్తాం. కాబట్టి తుది సర్టిఫికెట్‌లో పాన్ కార్డులో ఉన్నట్టే నా పేరు, పాన్ నంబరుతో సహా, మొదటి రుణగ్రహీతగా వేయించండి. రెండు పేర్లూ ఒకరివే అని నేను రాసి ఇచ్చిన అఫిడవిట్ జతచేస్తున్నాను.

ఇక అంకెల విషయం. తాత్కాలిక సర్టిఫికెట్‌లో ఏడాది వడ్డీ 1,44,182 రూపాయలు అని ఉంది. ఆ తర్వాత జనవరి 10న నేను 50,000 రూపాయలు అదనంగా అసలులో కట్టాను, కాబట్టి వడ్డీ కొంచెం తగ్గాలి. స్టేట్‌మెంటు ముందు పెట్టుకొని నెల నెలా పెన్సిల్‌తో కూడుకుంటే వడ్డీ 1,43,218, అసలు 93,982 వచ్చింది. రెండూ కలిపితే 2,37,200, అంటే పన్నెండు వాయిదాలు, ఆ 50,000 సరిగ్గా సరిపోయాయి. మీ లెక్క వేరుగా ఉంటే ఏ నెలలో తేడా వచ్చిందో చెప్పండి, సరిచూసుకుంటాను. అదనంగా కట్టిన 50,000 అసలు కిందే చూపించాలని ప్రత్యేకంగా కోరుతున్నాను. సెక్షన్ 80సీ కింద చూపించుకోవడానికి అది కావాలి.

ఈ ఏడాది రిటర్ను ఫారంలో సెక్షన్ 24(బి) వడ్డీ చూపాలంటే ఒక్క మొత్తం రాస్తే చాలడం లేదు. బ్యాంకు పేరు, రుణ ఖాతా నంబరు, మంజూరైన తేదీ, మొత్తం రుణం, 31-03-2025 నాటికి మిగిలిన బాకీ, ఏడాది వడ్డీ అన్నీ విడివిడిగా అడుగుతోంది. ఇవన్నీ ఒకే సర్టిఫికెట్‌లో ఉంటే మళ్ళీ మిమ్మల్ని ఇబ్బంది పెట్టే అవసరం ఉండదు.

ఇంకొక్క కాగితం కూడా కావాలి. మీరు మొదటి విడత సొమ్ము 2020 డిసెంబరులో ఇచ్చారు. ఇల్లు 2022 జూలైలో పూర్తయింది. ఇల్లు పూర్తయిన ఆర్థిక సంవత్సరానికి ముందు, అంటే 31-03-2022 వరకు కట్టిన వడ్డీని ఐదు సమాన భాగాలు చేసి ఏడాదికొక భాగం చూపించుకోవచ్చు. 2022-23 నుంచి లెక్కేస్తే ఇది మూడో ఏడాది. మొదటి రెండేళ్ళూ ఈ సంగతి నాకు తెలియక వదిలేశాను. అందుకే 2020 డిసెంబరు నుంచి 2022 మార్చి 31 వరకు వడ్డీ ఎంతో ఒక వేరే కాగితం మీద రాసి, సంతకం, స్టాంపు వేసి ఇప్పించండి.

నెట్ బ్యాంకింగులో ప్రయత్నించాను. రుణ ఖాతా నా భార్య కస్టమర్ ఐడీకి కలిసి ఉన్నట్టుంది, నా ఐడీతో చూస్తే రుణ ఖాతాయే కనబడటం లేదు. ఆమె ఐడీతో చూస్తే పాత తాత్కాలిక కాగితమే వస్తోంది. క్రిందటి నెల 19వ తేదీ శనివారం సెలవు పెట్టి, గుణుపురం నుంచి రైల్లో వచ్చి కౌంటరులో అడిగాను. కుర్రాడు ఓపిగ్గానే విన్నాడు, "రాతపూర్వకంగా ఇవ్వండి సార్, పేరు మార్పు మేనేజర్ గారి దగ్గరే అవుతుంది" అన్నాడు. ఆ మాట ప్రకారమే ఈ అర్జీ. రుణ ఖాతాను నా కస్టమర్ ఐడీకి కూడా కలిపిస్తే వచ్చే ఏడాది నుంచి నేనే డౌన్‌లోడ్ చేసుకుంటాను.

గడువు గురించి టెన్షన్‌గా ఉంది. ఈసారి రిటర్నుకు ఆఖరి తేదీ సెప్టెంబరు 15 వరకు పొడిగించారు. పాత పన్ను విధానం కావాలని ఆ తేదీ లోపు వేసే రిటర్నులోనే చెప్పాలి. గడువు దాటాక వేస్తే కొత్త విధానమే వర్తిస్తుంది, అందులో సొంతంగా ఉండే ఇంటి వడ్డీకి మినహాయింపు లేదు. అంటే ఆలస్యమైతే నేను పోగొట్టుకునేది కట్టవలసిన లేటు ఫీజు ఒక్కటే కాదు, ఏడాది మినహాయింపు మొత్తం. ఆగస్టు 20 లోపు సర్టిఫికెట్ చేతికొస్తే నిదానంగా సరిచూసుకొని వేయగలను.

సంతకం, స్టాంపు ఉన్న కాపీని మీ రికార్డులో ఉన్న నా ఈమెయిలుకు పంపించినా సరే. అసలు కాగితం తీసుకోవడానికి నా భార్య శాఖకు వస్తుంది. ఆమె ఇల్లు చూసుకుంటూ అక్కడే ఉంటోంది, అథారిటీ లెటరు కూడా జతచేశాను. ఛార్జీలు ఏవైనా ఉంటే నా సేవింగ్స్ ఖాతా నుంచి తీసుకోవచ్చు. స్టేట్‌మెంటు నకలు, పాన్ కార్డు నకలు, పాత తాత్కాలిక సర్టిఫికెట్, జనవరి 10 నాటి చెల్లింపు రసీదు, అఫిడవిట్, అథారిటీ లెటరు ఈ అర్జీ వెనక పిన్ చేసి ఉన్నాయి. అందినట్టు రెండో కాపీ మీద తేదీ వేసి, సంతకం చేసి ఇప్పించమని ప్రార్థన.

ఇట్లు,
మీ విధేయుడు,
బి. లక్ష్మీనారాయణ
(పాన్ కార్డులో: బి. లక్ష్మీనారాయణ్)